క్లాసు సర్వే రిపోర్టు: "ఈ చార్టే ఎందుకు వాడారు?" అన్న విభాగంలో ఏం రాయాలి?

మూడోబెంచీ

అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్లు మా సబ్జెక్టులు. ప్రాజెక్టు కోసం మా క్లాసులోనే సర్వే చేశాను. 64 మంది గూగుల్ ఫారమ్ నింపారు. అందులో 16 మంది హాస్టల్ వాళ్లు, 48 మంది ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు. ప్రశ్నలు నాలుగే: కాలేజీకి ఎలా వస్తారు, రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది, చదువు కోసం ఫోనులో ఏమేం వాడతారు, లైబ్రరీ మీద సంతృప్తి ఎంత. మూడో ప్రశ్నకు ఎన్ని జవాబులైనా టిక్ చేయవచ్చు. నాలుగోదానికి 1 నుంచి 5 వరకు అంకె ఎంచుకోవాలి.

రిపోర్టు పూర్తయింది. అయితే "చార్టుల ఎంపికకు కారణాలు" అని ఒక విభాగం కలపమని గైడు మేడమ్ అన్నారు. నేను రాసిచ్చింది ఇది:

"ప్రయాణ సాధనాలకు, ఫోను వినియోగానికి గుండ్రటి పై చార్టులు వాడాను. అవి ఆకర్షణీయంగా ఉండి సమాచారాన్ని సులభంగా అర్థమయ్యేలా చేస్తాయి. ప్రయాణ సమయం అవిచ్ఛిన్న చలరాశి కాబట్టి హిస్టోగ్రామ్ వాడాను. లైబ్రరీ సంతృప్తికి సగటు తీసి బార్ చార్టు వేశాను. పోలికకు బార్ చార్టు అనువైనది."

మేడమ్ చదివి, "ఈ పేరా ఎవరి రిపోర్టులో పెట్టినా అతుకుతుంది, తిరిగి రాయి" అని ఇచ్చేశారు. ఇంకా ఏం రాయాలో తెలియడం లేదు. సోమవారం బైండింగుకు ఇవ్వాలి.

కోడ్‌చెట్టు

ఎక్సెల్‌తో ఎందుకు తంటాలు తమ్ముడూ? పైథాన్‌లో seaborn వాడితే నాలుగు చార్టులూ పది వరుసల కోడ్‌లో వచ్చేస్తాయి, చూడటానికీ బాగుంటాయి. కావాలంటే కోడ్ ఇస్తాను.

మూడోబెంచీ

తమ్ముణ్ణి కాదండీ, చెల్లెల్ని. చార్టులు వేయడం వచ్చు. ఏ చార్టు ఎందుకు వాడానో రాయడమే రావడం లేదు.

లెడ్జర్‌రావు

అమ్మా, నేను ముప్పై ఏళ్లు ఖాతాలు రాసిన మనిషిని. ఒక్క మాట చెబుతాను, రాసిపెట్టుకో. పై చార్టు ఎప్పుడూ, ఎక్కడా వాడకూడదు. కంటికి కోణాలు కొలవడం చేతకాదు. ఉన్న పై చార్టులన్నీ తీసేసి బార్లు వేయి. "బార్ మేలు కాబట్టి బార్ వేశాను" అని రాస్తే నీ విభాగం అయిపోయినట్టే.

గణాంకమిత్ర

రావు గారి సలహాలో సగం పనికొస్తుంది. మిగతా సగం గురించి తర్వాత మాట్లాడదాం.

మూడోబెంచీ గారూ, మీ మేడమ్ అన్నది నిజమే. ఆ పేరాలో మీ 64 మంది ఎక్కడా లేరు. ఆకర్షణీయం, సులభం, అనువైనది అన్నవన్నీ చార్టుకు ఇచ్చిన కితాబులే. నేను డిగ్రీ ప్రాజెక్టులు దిద్దుతుంటాను. ఈ విభాగం చదివేటప్పుడు నేను వెతికేది ఒక్కటే: ఈ బొమ్మలో పాఠకుడు దేన్ని దేనితో పోల్చాలని రాసినవాళ్లు అనుకున్నారు? అది తేలితే, ఆ పోలికను ఈ చార్టు చూపిస్తోందా లేదా అన్నది వెంటనే తెలుస్తుంది. ఇంకో చార్టు వేసి ఉంటే ఏం కనపడకుండా పోయేదో కూడా ఒక వాక్యంలో రాస్తే, అది మీ రిపోర్టుకు మాత్రమే అతికే పేరా అవుతుంది.

వట్టి మాటలతో లాభం లేదు. ఫోను ప్రశ్నకు వచ్చిన లెక్కలు ఇక్కడ పెట్టండి.

మూడోబెంచీ

యూట్యూబ్ పాఠాలు 52, వాట్సాప్ గ్రూపులో నోట్సు 48, పాత ప్రశ్నపత్రాల పీడీఎఫ్‌లు 37, ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు 21, ఆన్‌లైన్ కోర్సులు 10.

ఒక అనుమానం కూడా ఉంది. గూగుల్ ఫారమ్ తనంతట తాను చూపించే సారాంశంలో యూట్యూబ్ ఎదురుగా 81.3% అని ఉంది. నేను ఎక్సెల్‌లో వేసిన పై చార్టులో అదే యూట్యూబ్ ముక్క మీద 31% అని పడింది. రెండింటికీ ఇచ్చిన సంఖ్య 52 మాత్రమే. ఏది సరైనది?

గణాంకమిత్ర

మీ విభాగంలోని మొదటి పేరా మీ అనుమానంలోనే ఉంది. మీరిచ్చిన అయిదు సంఖ్యలూ కలపండి, 168 వస్తుంది. నింపినవాళ్లు 64 మందే. అంటే ఒక్కొక్కరు సగటున రెండున్నరకు పైగా టిక్కులు పెట్టారు. పై చార్టుకు మనుషుల సంఖ్య తెలియదు. ఇచ్చిన సంఖ్యలన్నీ కూడి, ఆ మొత్తాన్నే గుండ్రం అనుకుంటుంది. అందుకే 52ను 168తో భాగించి 31 అంది. గూగుల్ ఫారమ్ 64తో భాగించింది కాబట్టి 81.3 వచ్చింది.

"మా క్లాసులో యూట్యూబ్ పాఠాలు చూసేవాళ్లు 31 శాతం" అని మీరు రిపోర్టులో రాస్తే అది తప్పు. పదిమందిలో ఎనిమిదిమంది చూస్తున్నారు. 31 అనేది టిక్కుల్లో యూట్యూబ్ వాటా. ఆ సంఖ్యతో ఎవరికీ పని లేదు. చిక్కేమిటంటే ఎక్సెల్ ఎక్కడా హెచ్చరించదు. ముక్కలన్నీ కలిసి నిండు గుండ్రం అవుతాయి కాబట్టి చూసేవాళ్లకూ అనుమానం రాదు.

గమనించారో లేదో, ఒక్క జవాబే ఎంచుకునే ప్రశ్నకు గూగుల్ ఫారమ్ పై చార్టు ఇస్తుంది, చెక్‌బాక్సుల ప్రశ్నకు అడ్డ బార్లు ఇస్తుంది. ఆ తేడా ఊరికే పెట్టలేదు.

బార్లు మీరే వేయాలంటే షీటులో ఒక ఇబ్బంది ఉంది. చెక్‌బాక్సుల జవాబులన్నీ ఒకే గడిలో కామాలతో కలిసి వస్తాయి. కాబట్టి ఒక్కో జవాబును విడిగా లెక్కపెట్టాలి:

```
=COUNTIF(D2:D65,"*యూట్యూబ్*")/64
```

ఒక జవాబులోని మాటే ఇంకో జవాబులోనూ ఉంటే ఈ లెక్క రెండింటినీ కలిపేస్తుంది. మీ అయిదింటిలో ఆ బెడద లేదు.

లెడ్జర్‌రావు

చూశారా! పై చార్టు వద్దని నేను ముందే చెప్పాను.

గణాంకమిత్ర

ఇక్కడ పై చార్టు పనికిరానిది కోణాల వల్ల కాదు రావు గారూ. జవాబులు ఒక మొత్తానికి భాగాలు కాకపోవడం వల్ల. ఆ తేడా రిపోర్టులో రాకపోతే, ప్రయాణ సాధనాల ప్రశ్నకు పై చార్టు ఎందుకు ఉంచారని వైవాలో అడిగితే ఈ అమ్మాయి దగ్గర జవాబు ఉండదు. అక్కడ ఒక్కొక్కరిది ఒక్కటే జవాబు. మొత్తం కచ్చితంగా 64 అవుతుంది.

మూడోబెంచీ

అవును సార్. ఆర్టీసీ బస్సు 22, నడక 19, కాలేజీ బస్సు 11, బైకు 9, ఆటో 3. అయితే ఆ పై చార్టు ఉంచుకోవచ్చా? నిజానికి రిపోర్టులో కనీసం ఒక పై చార్టు ఉండాలని మా డిపార్టుమెంటులో నియమం కూడా ఉంది.

గణాంకమిత్ర

ఉంచవచ్చా అనేది ఆ చార్టుతో ఏం చెప్పదలచుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

"ఎక్కువమంది దేని మీద వస్తున్నారు" అన్నది మీ ప్రశ్న అయితే పై చార్టు వద్దు. 22 ముక్కనూ 19 ముక్కనూ పక్కన అంకెలు లేకుండా చూస్తే ఏది పెద్దదో చెప్పడం కష్టం. ఈ విషయంలో రావు గారు చెప్పింది ఒప్పు. 1984లో క్లీవ్‌లండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు దీన్ని ప్రయోగాలు చేసి చూపించారు. ఒకే గీత మీద నిలబడిన బార్ల ఎత్తులను మనిషి కన్ను బాగా పోల్చగలదు, కోణాల దగ్గర ఎక్కువ పొరబడుతుంది.

కానీ రెండు బస్సులూ కలిపి చూడండి. 22కు 11 కలిపితే 33. అంటే 64లో సగం కన్నా ఒక్కరు ఎక్కువ. "క్లాసులో సగం మంది బస్సు వేళల మీద ఆధారపడి ఉన్నారు" అన్నది మీరు చెప్పదలచుకుంటే, దాన్ని పై చార్టు చూపినంత తేలికగా బార్లు చూపలేవు. సగం గుండ్రం కంటికి ఇట్టే తెలుస్తుంది. అయితే ఆ రెండు ముక్కలూ పక్కపక్కన ఉండాలి. మీ షీటులో ఉన్న క్రమంలోనే వేస్తే మధ్యలో నడక వచ్చి కూర్చుంటుంది. ఎక్సెల్ వరుస మార్చదు, మీరే షీటులో మార్చాలి.

లెడ్జర్‌రావు

ఒప్పుకోను. 33, 31 అని రెండు బార్లు వేస్తే సరిపోదా?

గణాంకమిత్ర

సరిపోతుంది. ఆ 33లో ఆర్టీసీ ఎంత, కాలేజీ బస్సు ఎంత అనేది పోతుంది, అంతే. పోయినా ఫరవాలేదంటే మీ బార్లే వేసుకోవచ్చు.

జిరాక్స్‌సెంటర్

మాది కాలేజీ ఎదురు షాపు. చార్టుల సంగతి నాకు తెలియదు గానీ అవి కాగితం మీదికి వచ్చేసరికి ఎలా ఉంటాయో తెలుసు. పిల్లలు ఫైలు తెస్తారు, నాలుగు కాపీలు అంటారు. కలర్ ధర చెప్పగానే "బ్లాక్ అండ్ వైట్ చాలు" అంటారు. ఎక్సెల్ ఇచ్చే ఆ నీలం, ఆ నారింజ అచ్చులోకి వచ్చేసరికి రెండూ ఒకే బూడిద రంగులో పడతాయి. పక్కన రంగుల డబ్బాలతో పేర్లు రాసి ఉంటాయి. ఏ డబ్బా ఏ ముక్కదో దేవుడికే తెలియాలి. పేరు, అంకె ముక్క మీదే రాయండి. బైండింగు కోసం ఎడమ పక్క ఒకటిన్నర అంగుళం వదలండి, లేకపోతే బార్ల పక్కన రాసిన పేర్లు సగం లోపలికి పోతాయి.

మూడోబెంచీ

ఇది ఎవరూ చెప్పలేదు అన్నా. మేమూ బ్లాక్ అండ్ వైటే అనుకున్నాం.

గణాంకమిత్ర

షాపు యజమాని చెప్పింది ఆ విభాగంలో రాయవలసిన కారణమే. "రిపోర్టు నలుపు తెలుపులో అచ్చవుతుంది కాబట్టి రంగుల మీద ఆధారపడకుండా పేర్లు చార్టు మీదే రాశాను" అన్న వాక్యాన్ని ఏ పరీక్షకుడూ కాదనలేడు.

పల్లెసర్వే

నాదీ ఇలాంటిదే. కిందటేడు మేము కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు ఊళ్లో ఇల్లిల్లూ తిరిగాం. తాగునీళ్లు ఎక్కడివి వాడతారని అడిగాం. పెద్ద వీధిలో ఇళ్లు ఎక్కువ, చివరి వీధిలో తక్కువ. రెండు వీధులకూ పక్కపక్కన బార్లు వేశాను. పెద్ద వీధి బార్లన్నీ పొడవుగా వచ్చాయి, చివరి వీధివన్నీ పొట్టిగా వచ్చాయి. గైడు ఏమీ అనలేదు, మార్కులూ బాగానే వచ్చాయి. అంత లోతుగా ఎవరూ చూడరేమో. ఇంతకీ మీరు ఊళ్లో ఎన్ని ఇళ్లు తిరిగారు?

మూడోబెంచీ

ఇది క్లాసులో చేసిన సర్వే అండీ, ఊళ్లో కాదు.

గణాంకమిత్ర

పల్లెసర్వే గారూ, మీ చార్టు చూసినవాళ్లకు ఏ వీధిలో ఇళ్లు ఎక్కువో మాత్రమే తెలిసి ఉంటుంది. అది సర్వే చేయకముందే మీకు తెలుసు. వీధుల పరిమాణం వేరైనప్పుడు శాతాలు వేయాలి.

ఈ అమ్మాయి లైబ్రరీ ప్రశ్నలోనూ అదే ఉందని నా అనుమానం. హాస్టల్ 16, ఇంటి నుంచి 48, మూడింతల తేడా. మూడోబెంచీ గారూ, జవాబులను రెండు గుంపులుగా విడదీసి పెట్టగలరా?

మూడోబెంచీ

1 అంటే చాలా అసంతృప్తి, 5 అంటే చాలా సంతృప్తి. ఆ వరుసలోనే ఇస్తున్నాను.

ఇంటి నుంచి వచ్చేవాళ్లు: 4, 6, 12, 19, 7.
హాస్టల్ వాళ్లు: 5, 6, 2, 2, 1.

రిపోర్టులో నేను వేసింది మాత్రం మొత్తం సగటు 3.11. "విద్యార్థులు లైబ్రరీ పట్ల తటస్థంగా ఉన్నారు" అని రాశాను.

గణాంకమిత్ర

తటస్థం అని 3 ఎంచుకున్నవాళ్లు 64 మందిలో 14 మందే. మిగతా 50 మందికి ఏదో ఒక స్పష్టమైన అభిప్రాయం ఉంది. సగటు ఆ అభిప్రాయాలను ఒకదానితో ఒకటి కొట్టేసి మధ్యలో తెచ్చి నిలబెట్టింది.

ఇక సంఖ్యలతో పక్కపక్కన బార్లు వేస్తే ఏమవుతుందో చూడండి. అసంతృప్తి చెందినవాళ్లు, అంటే 1, 2 ఎంచుకున్నవాళ్లు, ఇంటి నుంచి వచ్చేవాళ్లలో 10 మంది, హాస్టల్లో 11 మంది. బార్లు దాదాపు సమానం. "అసంతృప్తి రెండు వైపులా ఒకటే" అని చదివినవాళ్లు అనుకుంటారు. శాతాల్లోకి మార్చండి: 48లో 10 అంటే 21 శాతం, 16లో 11 అంటే 69 శాతం. మీ సర్వే మొత్తంలో చెప్పుకోదగ్గ విషయం ఇదే. మీరు వేసిన సగటు బార్‌లో గానీ, పక్కపక్కన వేసే సంఖ్యల బార్లలో గానీ ఇది కనపడదు.

దీనికి సరిపోయేది రెండు అడ్డ బార్లు. ఒకటి హాస్టల్, ఒకటి ఇల్లు. రెండూ వంద శాతం పొడవే. ఒక్కోదానిలో అయిదు జవాబులూ 1 నుంచి 5 వరకు వరుసగా పేర్చి ఉండాలి. ఎక్సెల్‌లో దీని పేరు 100% Stacked Bar. నలుపు తెలుపు అచ్చు కాబట్టి 1కి ముదురు బూడిద, 5కి లేత బూడిద ఇచ్చుకుంటూ పోండి. క్రమం ఉన్న జవాబులకు క్రమంగా మారే రంగే నప్పుతుంది.

ఒక జాగ్రత్త. హాస్టల్ బార్ కింద "16 మంది" అని తప్పకుండా రాయండి. అక్కడ ఒక్క మనిషి జవాబు మారితే ఆరు శాతం కదులుతుంది. 69 అన్న అంకె చూసి వందలమంది జవాబులని ఎవరూ పొరబడకూడదు.

మూడోబెంచీ

హాస్టల్ వాళ్ల బాధ నాకు తెలుసు సార్. క్లాసులు అయిపోయిన కాసేపటికే లైబ్రరీ మూసేస్తారు. వాళ్లు చదువుకునేది రాత్రి. అది కారణమని రాయవచ్చా?

గణాంకమిత్ర

మీ ఫారమ్‌లో ఆ ప్రశ్న లేదు. "కారణం అడగలేదు, లైబ్రరీ వేళలు కావచ్చు, మళ్లీ సర్వే చేస్తే అడగాలి" అని చర్చ విభాగంలో రాయండి. చార్టుల విభాగంలో వద్దు.

కోడ్‌చెట్టు

సగటును మరీ అంత తీసిపారేయకండి. గుంపుల వారీగా తీస్తే ఇంటి నుంచి వచ్చేవాళ్లది 3.40, హాస్టల్‌ది 2.25 వస్తుంది. తేడా అందులోనూ కనపడుతోంది. మా ఆఫీసులో వినియోగదారుల సర్వేలన్నీ సగటుతోనే నడుస్తాయి.

గణాంకమిత్ర

గుంపుల వారీ సగటులో తేడా తెలుస్తుంది, నిజమే. కానీ 1కీ 2కీ మధ్య దూరం, 3కీ 4కీ మధ్య దూరం ఒకటేనని ఒప్పుకుంటేనే ఆ కూడికకు అర్థం. చాలామంది ఒప్పుకుంటారు, నేను ఒప్పుకోను. పేర్చిన బార్ల కింద సగటు కూడా ఒక వాక్యంలో ఇస్తే అడ్డు చెప్పను.

కోడ్‌చెట్టు

సరే, అది వదిలేద్దాం. హిస్టోగ్రామ్ మాటేమిటి? అక్కడ మాత్రం ఆమె రాసింది సరిగ్గానే ఉంది. నిమిషాలు కాబట్టి హిస్టోగ్రామ్. తరగతులు ఎన్ని అంటే స్టర్జెస్ సూత్రం ఉండనే ఉంది. 1 + 3.322 log N. 48 మందికి వేస్తే ఆరున్నర, అంటే ఏడు తరగతులు. కారణం కూడా దొరికినట్టే: "స్టర్జెస్ సూత్రం ప్రకారం."

మూడోబెంచీ

మా పాఠ్యపుస్తకంలోనూ అదే ఉంది. నేను 10 నిమిషాల తరగతులు తీసుకున్నాను. కానీ నా చార్టులో 30 నుంచి 40 మధ్య పెద్ద గుంట పడింది. నా స్నేహితురాలు ఇదే డేటాతో పైథాన్‌లో వేస్తే అక్కడ గుంట లేదు, 50 నుంచి 60 మధ్య మాత్రం ఖాళీ వచ్చింది. ఇద్దరం జవాబులు సరిచూసుకున్నాం, తేడా లేదు.

హాస్టల్ వాళ్లందరూ 5 నిమిషాలు అనే రాశారు, వాళ్లను పక్కన పెట్టాను. మిగతా 48 మంది: 10 నిమిషాలు ఇద్దరు, 15 అయిదుగురు, 20 ఆరుగురు, 30 పద్నాలుగురు, 40 నలుగురు, 45 ఎనిమిదిమంది, 60 ఏడుగురు, 90 ఇద్దరు.

గణాంకమిత్ర

ఆ జవాబుల్లో 23 గానీ, 37 గానీ, 52 గానీ ఉన్నాయేమో చూడండి. ఒక్కటీ లేదు. ఎవరూ గడియారం చూసి రాయలేదు. పావుగంట, అరగంట, ముప్పావుగంట, గంట అని మనం మాట్లాడే తీరులోనే రాశారు. కాలం అవిచ్ఛిన్న చలరాశే, కానీ మీకు అందిన జవాబులు గుట్టలుగా ఉన్నాయి. స్టర్జెస్ సూత్రానికి ఆ సంగతి తెలియదు, మనుషుల సంఖ్య ఒక్కటే తెలుసు.

ఇప్పుడు మీ ఇద్దరి చార్టులూ ఎందుకు వేరయ్యాయో చూడండి. 10 నిమిషాల తరగతులు వేస్తే 30, 60 వంటి అంకెలు సరిగ్గా అంచు మీద పడతాయి. ఎక్సెల్ తరగతిలో కుడి అంచు కలుస్తుంది, అంటే 30 అని రాసిన పద్నాలుగురూ 20–30లోకి పోయారు. 30–40లో మిగిలింది 40 అన్న నలుగురే. అదే మీ గుంట. పైథాన్‌లో matplotlib ఎడమ అంచును కలుపుకుంటుంది. అక్కడ ఆ పద్నాలుగురు 30–40లోకి వచ్చారు, 60 అన్నవాళ్లు 60–70లోకి వెళ్లారు, 50–60 ఖాళీ అయింది. రెండు ఆకారాలూ మీ క్లాసువి కావు, అంచులు తెచ్చిపెట్టినవి.

హిస్టోగ్రామ్‌ను నమ్మవచ్చా అని చూడటానికి ఇదొక పరీక్ష. అంచులు కొద్దిగా జరపండి. ఆకారం తలకిందులైతే దాని గురించి ఏ వాక్యమూ రాయకండి.

మూడోబెంచీ

మరి ఏం చేయాలి సార్?

గణాంకమిత్ర

జనం వాడే అంకెలు అంచుల మీద కాకుండా తరగతి మధ్యలో పడేలా చూడండి. 15 నిమిషాల వెడల్పు తీసుకుని 7.5 దగ్గర మొదలుపెట్టండి. 7.5, 22.5, 37.5, 52.5, ఇలా 97.5 వరకు. అప్పుడు పావుగంట చుట్టుపక్కల 13 మంది, అరగంట 14, ముప్పావుగంట 12, గంట 7, గంటంబావు దగ్గర ఎవరూ లేరు, గంటన్నర 2. కూడితే 48. ఎవరూ అంచు మీద లేరు కాబట్టి ఎక్సెల్‌లో వేసినా పైథాన్‌లో వేసినా ఒకటే బొమ్మ.

ఎక్సెల్‌లో మామూలు హిస్టోగ్రామ్‌కు ఈ అంచులు ఇవ్వడం చికాకు అనిపిస్తే, ఆరు సంఖ్యలూ కాలమ్ చార్టుగా వేసి Gap Width సున్నా చేయండి. బార్ల మధ్య ఖాళీ ఉంచితే అవి వేర్వేరు రకాలని అర్థం వస్తుంది.

హాస్టల్ వాళ్లను విడిగా ఉంచడం మంచి పని, దాన్ని రిపోర్టులో రాయండి. వాళ్లను కలిపితే సగటు 29 నిమిషాలకు దిగుతుంది, విడదీస్తే ఇంటి నుంచి వచ్చేవాళ్లది 37. ఆ 29 అటు హాస్టల్ వాళ్ల సంగతీ చెప్పదు, ఇటు బస్సుల్లో వచ్చేవాళ్ల సంగతీ చెప్పదు.

కోడ్‌చెట్టు

వైవాలో స్టర్జెస్ ఎందుకు వాడలేదని అడిగితే? సిలబస్‌లో ఉన్న సూత్రం అది.

గణాంకమిత్ర

అడగవచ్చు. "సూత్రం ఏడు అంది, నేను ఆరు తీసుకున్నాను, జవాబులు పావుగంటల్లో గుమిగూడాయి కాబట్టి వెడల్పు దానికి తగ్గట్టు పెట్టాను" అంటే చాలు.

మూడోబెంచీ

ఫోను ప్రశ్నకూ లైబ్రరీ ప్రశ్నకూ తిరిగి రాశాను. చూడండి.

"పటం 3: చదువు కోసం ఫోను వాడకం. ఒక్కొక్కరు ఎన్ని జవాబులైనా ఇవ్వవచ్చు; 64 మంది కలిసి 168 జవాబులు ఇచ్చారు. ఇవి ఒక మొత్తానికి భాగాలు కావు కాబట్టి పై చార్టు వాడలేదు. వాడి ఉంటే యూట్యూబ్ పాఠాలు చూసేవారు 81 శాతానికి బదులు 31 శాతంగా కనిపించేవారు. ప్రతి బార్ 64 మందిలో ఎంత శాతమో చూపుతుంది, అందువల్ల శాతాల మొత్తం 100 దాటుతుంది. జవాబుల పేర్లు పొడవైనవి కాబట్టి అడ్డ బార్లు వేశాను, ఎక్కువ నుంచి తక్కువకు పేర్చాను.

పటం 4: లైబ్రరీ పట్ల సంతృప్తి. హాస్టల్ విద్యార్థులను, ఇంటి నుంచి వచ్చేవారిని పోల్చడం ఈ పటం ఉద్దేశం. రెండు గుంపుల సంఖ్య వేరు (16, 48) కాబట్టి సంఖ్యలకు బదులు శాతాలు తీసుకున్నాను. సంఖ్యల్లో అసంతృప్తి 11, 10గా దాదాపు సమానంగా కనిపిస్తుంది. శాతాల్లో 69, 21. మొత్తం సగటు 3.11 ఈ తేడాను దాచేస్తుంది కాబట్టి దాన్ని చార్టుగా వేయలేదు. హాస్టల్ గుంపు చిన్నది; ఒక్కరి జవాబు మారినా 6 శాతం మారుతుంది."

గణాంకమిత్ర

ఇది ఇంకెవరి రిపోర్టులోనూ అతకదు. పటం 3లో "ఎక్కువ నుంచి తక్కువకు" అన్నారు, పటం 4లో ఆ మాట రాకుండా చూసుకున్నారు, బాగుంది. అక్కడ 1 నుంచి 5 క్రమం కదపకూడదు. ఆ కారణం కూడా ఒక వాక్యం కలపండి.

లెడ్జర్‌రావు

బాగా రాశావమ్మా. పై చార్టు విషయంలో మాత్రం నా మాట నాదే.

మూడోబెంచీ

అందరికీ ధన్యవాదాలు. ఒక తలనొప్పి మిగిలింది. ప్రయాణ సాధనాల పై చార్టును 3డీలో వేయమని డిపార్టుమెంటులో ఇంకో సార్ అంటున్నారు, "పేజీ నిండుగా ఉంటుంది" అని. మేడమ్ వద్దంటున్నారు. ఇద్దరూ వైవాలో ఉంటారు.

గణాంకమిత్ర

3డీలో గుండ్రం వెనక్కి వాలుతుంది. ముందున్న ముక్కకు అంచు మందం కూడా తోడై ఉన్నదానికన్నా పెద్దగా కనపడుతుంది, వెనకది నలిగిపోతుంది. ఆటో ముగ్గురిదే అయినా ముందుకు వస్తే ఎక్కువగా తోస్తుంది. అన్నిటికన్నా, మీరు చూపించదలచిన "సగం" 3డీలో సగంలా ఉండదు. రెండూ అచ్చు తీసి ఆ సార్‌కు చూపించండి. అంకెలు కప్పేసి, బస్సుల వాటా సగం దాటిందా లేదా అని ఆయన్నే అడగండి.

పల్లెసర్వే

మా సార్ అయితే అలా అడిగితే ఊరుకోరు.

జిరాక్స్‌సెంటర్

3డీ నలుపు తెలుపులో ఇంకా ఘోరంగా వస్తుంది, ఆ నీడలన్నీ నల్లగా పడతాయి. రెండు రకాలూ ఒక్కో పేజీ తీసి ఇస్తాను, శనివారం సాయంత్రం లోపు పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. సోమవారం పొద్దున బైండింగుకు రద్దీ ఉంటుంది.